ముఖం చూపించని సబ్బుల రీల్‌కి మాటలెలా రాయాలి?

సందేహాలు – సమాధానాలు

ఇంట్లో సబ్బులు చేసి అమ్ముకునేవారి నుంచి ఈమధ్య ఒకే తరహా ఉత్తరాలు వస్తున్నాయి. కెమెరా ముందుకు రాము, గొంతు మాత్రం ఇస్తాం, ఏం మాట్లాడాలో చెప్పండి అని. తణుకు నుంచి రాసినావిడ తన స్క్రిప్టు కూడా జతచేశారు కాబట్టి ఈసారి ఆ ఉత్తరానికే ఎక్కువ చోటిచ్చాను.

సందేహం: నమస్కారమండీ. కొబ్బరినూనె, తవుడు నూనె, ఆముదం కలిపి ఇంట్లో సబ్బులు చేస్తాను. తెలిసినవాళ్లు కొంటున్నారు. ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ పెడదామనుకుంటే ముఖం చూపించడం నాకిష్టం లేదు. ఎవరో వద్దన్నారని కాదు, నాకే ఇష్టం లేదు. పాటలు పెట్టి సబ్బులు చూపిస్తూ కొన్ని చేశాను. చూసినవాళ్లు బాగున్నాయంటారు, కొనరు. ఇప్పుడు గొంతుతో చేద్దామని ఇలా రాసుకున్నాను. "హాయ్ ఫ్రెండ్స్, వెల్కమ్ బ్యాక్ టు మై పేజ్. ఈరోజు మనం పసుపు సబ్బు ఎలా చేసుకోవాలో చూద్దాం. ముందుగా ఒక గిన్నె తీసుకుని నూనెలు పోసుకోవాలి. తర్వాత లై వాటర్ కలుపుకోవాలి. తర్వాత బ్లెండర్‌తో తిప్పుకోవాలి. తర్వాత పసుపు వేసుకోవాలి. ఇప్పుడు మోల్డ్‌లో పోసుకోవాలి. కాస్టిక్ అంతా పోవడానికి ఆరు వారాలు ఆరబెట్టుకోవాలి. ఇది హండ్రెడ్ పర్సెంట్ కెమికల్ ఫ్రీ. మొటిమలు, మచ్చలు పోయి చర్మం మెరుస్తుంది. నచ్చితే లైక్ చేయండి, షేర్ చేయండి." ఇందులో ఏం మార్చాలి?
– ఒక సోదరి, తణుకు

సమాధానం: అమ్మా, మీ స్క్రిప్టులో ఒక మంచి విషయం ఉంది, కానీ అది మీ కంట పడలేదు. దాని దగ్గరికి వస్తాను. ముందు తీసేయాల్సినవి తీసేద్దాం.

గిన్నె తీసుకోవాలి, నూనె పోసుకోవాలి, బ్లెండర్ తిప్పుకోవాలి. ఇవన్నీ బొమ్మలో కనపడుతూనే ఉంటాయి. కంటికి కనపడేదాన్నే గొంతు మళ్లీ చెబితే వినేవాడికి పని లేకుండా పోతుంది. మనిషి తెర మీద ఉంటే ఈ లోపం కొంత మరుగునపడుతుంది, ఎందుకంటే చూసేవాళ్లు ఆ మనిషి ముఖాన్ని, హావభావాల్ని చూస్తూ కూర్చుంటారు. మీకా సౌకర్యం లేదు. ముఖం లేని రీల్‌లో మీరు ఎక్కడున్నారంటే మాటల్లోనే ఉన్నారు. అందుకని ప్రతి వాక్యం దగ్గరా ఆగి, ఇది బొమ్మలో కనపడుతోందా అని అడగండి. కనపడుతుంటే కొట్టేయండి. ఈ లెక్కన మీ స్క్రిప్టులో సగానికి పైగా పోతుంది.

తర్వాత "మనం చేసుకోవాలి" అన్న వరస. అది వంటల వీడియోల నుంచి వచ్చింది. అక్కడ చూసేవాళ్లు ఆ కూర వండుకోవాలనుకుంటారు. మీ రీల్ చూసేవాళ్లు సబ్బు చేసుకోవాలనుకోవడం లేదు, కొనుక్కోవాలని మీరు కోరుకుంటున్నారు. "కలుపుకోవాలి" అన్నచోట "కలిపాను" అనండి. మీ చేతులు, మీ పని, మీ లెక్క. "మేము" కూడా వద్దు. తెర మీద రెండు చేతులే కనపడుతుంటే "మేము" అన్నది ఎవరో కంపెనీ మాటలా ఉంటుంది.

ఇక మీ దగ్గరున్న మంచి విషయం. కాస్టిక్ కలిసిన సబ్బు ద్రవంలో పసుపు పడగానే ఏమవుతుందో మీకు తెలుసు, రోజూ చూసేదే కాబట్టి మీకది వింతగా లేదు. పచ్చగా ఉండాల్సిన పసుపు ఎర్రబడుతుంది. పసుపులోని కుర్కుమిన్ క్షారం తగిలితే రంగు మార్చుకుంటుంది. మన ఇళ్లలో దిష్టి తీసే ఎర్రనీళ్లు తయారయ్యేదీ ఇలాగే, నీళ్లలో పసుపు, సున్నం కలిపితే. ఆ నీళ్లు చూడని తెలుగువాళ్లు తక్కువ. అంటే మీ సబ్బులో జరిగే రసాయన చర్య మీ కొనుగోలుదారుకి చిన్నప్పటి నుంచీ తెలిసినదే. రీల్‌కి ఇంతకన్నా మంచి మొదలు దొరకదు. మీ స్క్రిప్టులో అది "తర్వాత పసుపు వేసుకోవాలి" అనే నాలుగో మెట్టు కింద పడిపోయింది.

రీల్ మొత్తం ఈ ఒక్క ఎరుపు మీదే నడపండి. నూనెల ఎంపిక ఇంకో రీల్, సువాసన ఇంకో రీల్. స్క్రిప్టు ఇలా రాసుకోవచ్చు. ఎడమ చేతివైపు బొమ్మ, కుడివైపు గొంతు అని కాగితాన్ని నిలువుగా మడిచి రాసుకుంటే పని తేలిక. ఇక్కడ ఒకదాని కింద ఒకటి ఇస్తున్నాను.

బొమ్మ: లేత రంగు సబ్బు ద్రవంలోకి నూనెలో కలిపిన పసుపు ధారగా పడుతోంది. పడినచోట ఎర్రబడుతోంది.
గొంతు: వేసింది పసుపే. మరి ఎరుపెక్కడి నుంచి వచ్చింది?

బొమ్మ: గరిటె నెమ్మదిగా తిరుగుతోంది, ఎర్రటి చారలు కలిసిపోతున్నాయి.
గొంతు: దిష్టి నీళ్లు ఎర్రబడతాయి కదా, ఇదీ అంతే. అక్కడ సున్నం, ఇక్కడ కాస్టిక్ సోడా.

బొమ్మ: మోల్డ్‌లోకి పోత. రెండు సెకన్లు గొంతు లేదు, పోసే చప్పుడు మాత్రమే.
గొంతు: ఇది ఇంకా సబ్బు కాలేదు. గ్లవుజులు లేకుండా ముట్టుకోను.

బొమ్మ: తీగతో కోత. మళ్లీ రెండు సెకన్లు కోత చప్పుడే.
గొంతు: కోయడం మర్నాడే. అమ్మకం మాత్రం ఆరు వారాల తర్వాత.

బొమ్మ: అరల మీద వరసగా సబ్బులు, పక్కన తేదీ రాసిన చీటీ.
గొంతు: ఈలోగా తడి ఆరుతుంది, సబ్బు గట్టిపడుతుంది, ఎరుపూ తగ్గుతుంది.

బొమ్మ: రెండు సబ్బులు పక్కపక్కన.
గొంతు: ఎడమది నిన్న కోసింది. కుడిది పాత బ్యాచ్, ఆరు వారాలు ఆరింది.

బొమ్మ: చేతులు సబ్బును కాగితంలో చుడుతున్నాయి.
గొంతు: ఈ బ్యాచ్ సబ్బులు సిద్ధం. బరువు, ధర కింద రాశాను. కావాలంటే మెసేజ్ పెట్టండి.

మొత్తం అరవై మాటల లోపే. తెలుగులో నింపాదిగా చదివితే సెకనుకి రెండు మాటలు పడతాయి. అంటే గొంతు దాదాపు ముప్పై సెకన్లు, మధ్యలో విడిచిన చప్పుళ్లు నాలుగు సెకన్లు. ఇంగ్లిష్ స్క్రిప్టులకు చెప్పే మాటల లెక్క మనకు పనికిరాదు. మన మాటలు పొడుగు, ఒక్క "గట్టిపడుతుంది" పలకడానికే దాదాపు సెకను పడుతుంది. లెక్క మీద ఆధారపడకుండా ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి పైకి చదివి చూసుకోండి. ఎక్కువైతే వేగం పెంచకండి, మాటలు తగ్గించండి.

తెలుగుకే ఉన్న ఇంకో ఇబ్బంది చెబుతాను. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. "కొబ్బరినూనె, తవుడు నూనె, ఆముదం కలిపి ఎండ తగలని గదిలో పెట్టి ఆరు వారాల పాటు" అని సాగదీస్తూ ఉంటే, ఏం చేశారో తెలిసేసరికి బొమ్మ మారిపోతుంది, చూసేవాడూ వేలితో పైకి తోసేస్తాడు. వాక్యం ఆరేడు మాటలు దాటకుండా చూసుకోండి. ఎడిటింగ్‌లో బొమ్మ మార్చేటప్పుడు క్రియ పూర్తయ్యాకే మార్చండి. క్రియ మధ్యలో కోస్తే వినేవాళ్లకి మాట మింగినట్టు ఉంటుంది.

మీ స్క్రిప్టులో సరిదిద్దాల్సిన పొరపాటు ఒకటుంది. ఆరు వారాలు ఆరబెట్టేది కాస్టిక్ పోవడానికి కాదు. కొలతలు సరిగ్గా ఉంటే నూనె, కాస్టిక్ మొదటి ఒకటి రెండు రోజుల్లోనే చాలావరకు కలిసిపోయి సబ్బుగా మారతాయి. ఆ తర్వాత వారాల తరబడి జరిగేది ముఖ్యంగా నీరు ఆవిరి కావడం. సబ్బు గట్టిపడి, వాడుతుంటే తొందరగా అరిగిపోకుండా ఉండేది అందువల్లే. కాస్టిక్ ఎక్కువ పడిన సబ్బును ఎంత ఆరబెట్టినా మంచి సబ్బు కాదు. "కాస్టిక్ పోవడానికి" అని మీరే అంటే, ఐదో వారంలో కొన్న సబ్బులో కాస్టిక్ ఉందా అని ఎవరైనా అడుగుతారు. అడగాలి కూడా.

రంగు మాట మీ సబ్బును చూసి చెప్పండి. పసుపు ఎంత వేశారు, నూనెల సొంత రంగేమిటి అన్నదాన్ని బట్టి ఆరాక కొన్ని నారింజ ఛాయలో నిలుస్తాయి, కొన్ని ముదురు పసుపుకి దిగుతాయి. వెలుతురు తగిలితే ఇంకా వెలిసిపోతాయి. మీ అరలో ఉన్నది ఏ రంగో అదే చూపించండి. పక్కపక్కన పెట్టిన రెండు సబ్బులూ ఒకే బ్యాచ్‌వి కాకపోతే ఆ మాట చెప్పేయాలి. అందుకే స్క్రిప్టులో "పాత బ్యాచ్" అని పెట్టాను.

ఇక కెమికల్ ఫ్రీ, మొటిమలు, మచ్చలు. వాటి గురించి ఇంకో పాఠకురాలు విడిగా అడిగారు, అక్కడ చెబుతాను.

సందేహం: ముఖం కనపడకుండా తీయడం అనుకున్నంత తేలిగ్గా లేదు. ఒక రీల్ పెట్టాక మా మరదలు ఫోన్ చేసి "వదినా, స్టీలు గిన్నెలో నువ్వు కనపడుతున్నావు" అంది. చేతికి గ్లవుజులున్నప్పుడు ఫోన్ నొక్కడమూ కష్టంగా ఉంది. స్క్రిప్టు ముందు రాసుకోవాలా, తీశాక రాసుకోవాలా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: మీ మరదలు మంచి ఎడిటర్. స్టీలు గిన్నె, గాజు జార్, నిగనిగలాడే గ్రానైట్ గట్టు, పక్కన పెట్టిన ఇంకో ఫోన్ తెర, కళ్లకు పెట్టుకున్న రక్షణ అద్దాలు, ఇవన్నీ మనిషిని పట్టిస్తాయి. మెరుపు లేని పాలిప్రొపిలీన్ ప్లాస్టిక్ గిన్నె, అడుగున గుడ్డ లేదా చెక్కపలక వాడితే బెడద తగ్గుతుంది. అల్యూమినియం పాత్రలు మాత్రం వద్దు, కాస్టిక్ వాటిని తినేస్తుంది. పెట్టే ముందు వీడియోను పెద్దది చేసి ఒకసారి ఆసాంతం ఆపి ఆపి చూడండి. కిటికీలోంచి కనపడే ఎదురింటి బోర్డు, కొరియర్ పొట్లం మీది చిరునామా కూడా చూసుకోండి. ముఖం దాచుకున్నవాళ్లు ఇల్లు చూపించుకోవడంలో అర్థం లేదు.

స్క్రిప్టు ముందే రాయాలి. వంట అయితే తాలింపు మళ్లీ పెట్టి తీయొచ్చు. సబ్బు ద్రవం అలా ఆగదు. బ్లెండర్ తిప్పుతుండగా చిక్కబడటం మొదలైతే, పసుపు కలిపి మోల్డ్‌లో పోయడానికి నిమిషాలే ఉంటాయి. పసుపు ఎర్రబడే ఆ మూడు సెకన్లు బ్యాచ్‌కి ఒక్కసారే దొరుకుతాయి. ఏయే బొమ్మలు కావాలో కాగితం మీద రాసి గోడకు అంటించండి. ఫోన్‌ని స్టాండుకి బిగించి, గిన్నె అంచులు తెరలో ఎక్కడికి వస్తున్నాయో ఖాళీ గిన్నెతోనే చూసుకుని, గట్టు మీద టేపుతో గుర్తు పెట్టండి. గ్లవుజులు వేసుకునే ముందే రికార్డు నొక్కేసి, పోత అయ్యేదాకా ఆపకండి. పొడుగు వీడియో వస్తుంది, కోసుకోవచ్చు. కాస్టిక్ అంటిన గ్లవుజుతో ఫోన్ ముట్టుకుంటే, రాత్రి అదే ఫోన్ చెంపకు ఆనించుకుంటాం.

ఆ తర్వాత గొంతు రికార్డు చేసి, దాన్ని ముందు పరిచి, దాని మీద బొమ్మలు అమర్చండి. బొమ్మలు ముందు అమర్చి వాటి పొడుగుకి గొంతును ఇరికించబోతే తొందర తొందరగా చదవాల్సి వస్తుంది. కోత, పోత, కాగితం చుట్టే చప్పుడు మాత్రం విడిగా, దగ్గరగా ఫోన్ పెట్టి రికార్డు చేసుకోండి. ముఖం లేని రీల్‌లో అవి సంగీతం కన్నా బాగా పనిచేస్తాయి. బ్లెండర్ చప్పుడు మట్టుకు తీసేయండి, అది ఎవరి చెవికీ హితవుగా ఉండదు.

సందేహం: మాది శ్రీకాకుళం జిల్లా. నా యాస విని నవ్వుతారేమోనని భయం. టీవీ యాంకర్లలా మాట్లాడాలా? పైగా ఇంట్లో రికార్డు చేస్తే గది మోగుతోంది.
– ఒక పాఠకురాలు, పలాస

సమాధానం: యాస ఉంచండి. మీరు రోజూ మాట్లాడే తీరులో చెబితే ఊపిరి ఎక్కడ తీసుకోవాలో మీకు తెలుస్తుంది. అలవాటు లేని భాషలో చదివితే ప్రతి వాక్యం చివరా గొంతు ఒకేలా దిగుతుంది, కాగితం చూసి చదువుతున్నారని పట్టుబడిపోతారు. స్క్రిప్టు కూడా ఆ యాసలోనే రాయండి. పుస్తకం భాషలో రాసుకుని చదివేటప్పుడు మార్చుకుందామంటే నాలుక తడబడుతుంది.

గది మోగడానికి కారణం ఖాళీ గోడలు, గచ్చు నేల. బట్టల బీరువా తలుపులు తెరిచి, దుస్తుల వైపు ముఖం పెట్టి నిలబడి మాట్లాడండి. వెనకాల మంచం మీద పరుపు, దుప్పట్లు ఉంటే ఇంకా మంచిది. ఫ్యాను ఆపాలి. పక్క గదిలో ఫ్రిజ్ ఉంటే దాని గుర్రు కూడా వస్తుంది, తలుపు వేయండి. ఫోన్‌ని నోటికి జానెడు దూరంలో, తిన్నగా కాకుండా బుగ్గ వైపు కొంచెం పక్కకి పట్టుకోండి. తిన్నగా పెడితే ప, బ, భ పలికినప్పుడల్లా గాలి మైకుకి కొట్టి "టప్" మంటుంది. "పసుపు", "సబ్బు" మీ స్క్రిప్టులో అడుగడుగునా ఉంటాయి కాబట్టి ఈ జాగ్రత్త మీకు మరీ అవసరం.

మొత్తం ఒకే ఊపులో చదవక్కర్లేదు. ఒక్కో వాక్యం రెండు మూడు సార్లు చెప్పి, మధ్యలో కాస్త ఆగండి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విని బాగున్నవి ఏరుకోండి. అన్ని వాక్యాలూ ఒకే పూట, ఒకేచోట రికార్డు చేయాలి. సగం పొద్దున, సగం రాత్రి చేస్తే ఇద్దరు మనుషులు మాట్లాడినట్టు ఉంటుంది.

ఫోన్ మూగగా పెట్టుకుని చూసేవాళ్లు కూడా ఉంటారు. వాళ్ల కోసం మీరు చెప్పే మాటలే తెర మీద అక్షరాలుగా ఇవ్వండి, ఒకసారికి రెండు వరసలకు మించకుండా. తెర అడుగున పేజీ పేరు, రాత, కుడివైపు గుర్తులు వస్తాయి కాబట్టి అక్షరాలు మరీ కిందికి పెడితే మునిగిపోతాయి. నడిమికి కాస్త కింద ఉంచండి.

సందేహం: కాస్టిక్ సోడా పేరెత్తితే జనం భయపడతారు కదా. "కెమికల్ ఫ్రీ" అనే అందరూ అంటున్నారు. మొటిమలకు పనిచేస్తుందని నా కస్టమర్లే చెబుతున్నారు, అది నేను రీల్‌లో చెబితే తప్పేమిటి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: రెండూ చెప్పకూడదు. కాస్టిక్ సోడా లేకుండా గట్టి సబ్బు తయారు కాదు. బేస్ కొని కరిగించి పోసేవారి సబ్బులోనూ ఆ చర్య ఫ్యాక్టరీలో ముందే జరిగి ఉంటుంది. కెమికల్ ఫ్రీ అని గొంతుతో చెబుతుండగా వెనకాల కాస్టిక్ డబ్బా కనపడిన రీల్స్ నేను చూశాను. కింద కామెంట్లలో ఎవరో ఒకరు అడగనే అడుగుతారు, జవాబు చెప్పలేక అవి తీసేస్తారు. తణుకు సోదరికి రాసిన స్క్రిప్టులో కాస్టిక్ సోడా పేరు ఎనిమిదో సెకను చుట్టుపక్కల మామూలుగా వచ్చిపోతుంది. దాని పక్కనే సున్నం ఉంది కాబట్టి ఎవరూ ఉలిక్కిపడరు.

పేరు చెప్పండి గానీ కొలత చెప్పకండి. కిలో కొబ్బరినూనె సబ్బుగా మారడానికి కాస్టిక్ సోడా దాదాపు 180 గ్రాములు పడుతుంది, కిలో ఆముదానికి దాదాపు 130 గ్రాములే చాలు. మీ రీల్‌లో విన్న అంకె పట్టుకుని ఎవరైనా వేరే నూనెతో చేస్తే మిగిలిపోయిన కాస్టిక్ చర్మాన్ని కాలుస్తుంది. కాస్టిక్‌ని నీళ్లలో వేసే బొమ్మ పెట్టాలనుకుంటే గ్లవుజులు, పొడుగు చేతుల చొక్కా కనపడాలి. వేసేది కాస్టిక్‌ని నీళ్లలోకి. కాస్టిక్ మీద నీళ్లు పోస్తే ఒక్కసారిగా వేడెక్కి ముఖం మీదికి చిందుతుంది. నన్నడిగితే ఆ బొమ్మ రీల్‌లో అసలు వద్దు. అంత తక్కువ సేపట్లో జాగ్రత్తలన్నీ చెప్పలేం.

మొటిమల మాట చట్టానికి సంబంధించింది. ఒంటి సబ్బు మన దేశంలో 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం కిందికి, 2020లో వచ్చిన సౌందర్య సాధనాల నియమాల కిందికి వస్తుంది. అమ్మకానికి చేయాలంటే రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ నుంచి లైసెన్సు ఉండాలి. జబ్బు తగ్గిస్తుందని చెబితే అది సబ్బు మాట కాదు, మందు మాట. 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం జాబితాలో బొల్లి లాంటివి ఉన్నాయి, అవి నయమవుతాయని ప్రకటించడమే నేరం. కస్టమర్ చెప్పిందే అయినా మీ పేజీలో మీ గొంతుతో వస్తే అది మీ ప్రకటనే. తెల్లబడతారు అన్న మాట జోలికి అసలే పోకండి.

మరి చర్మం గురించి ఏం చెప్పాలి? ఏమీ చెప్పకపోయినా నష్టం లేదు. నూనెల పేర్లు చెప్పండి. ఏ తేదీన కోశారో చెప్పండి. నురగ చూపించండి. ఆముదం ఎందుకు వేశారంటే నురగ నిలబడటానికి అని చెప్పండి. ఇవన్నీ మీరు చూపించగలిగినవి, ఎవరొచ్చి అడిగినా నిలబడేవి.

సందేహం: మేం డాలస్‌లో ఉంటాం. ఇక్కడి తెలుగువాళ్లకు నలుగు వాసనతో సబ్బులు చేసి అమ్ముతున్నాను. తెలుగు వాయిస్ ఓవర్‌కి కూడా ఇక్కడి చట్టాలు వర్తిస్తాయా?
– ఒక పాఠకురాలు, అమెరికా

సమాధానం: వర్తిస్తాయి, ఏ భాషలో చెప్పినా ప్రకటన ప్రకటనే. అక్కడ మీరు వాడే క్రియను బట్టి మీ సబ్బు ఏ శాఖ కిందికి వెళుతుందో మారుతుంది. నూనె, క్షారం కలిసి తయారైన అసలు సబ్బును "శుభ్రం చేస్తుంది" అని మాత్రమే చెప్పి అమ్మితే అది వినియోగ వస్తువుల భద్రతా సంఘం పరిధి. "చర్మానికి తేమనిస్తుంది" అంటే సౌందర్య సాధనమై ఆహార, ఔషధ సంస్థ కిందికి వస్తుంది. "మొటిమలు తగ్గిస్తుంది" అంటే మందు. నలుగు పెట్టుకునే రోజుల్ని గుర్తుచేసే వాసన అని చెప్పుకుంటే ఏ ఇబ్బందీ లేదు.

సందేహం: గొంతు వెనకాల సినిమా పాట సన్నగా పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

సమాధానం: వ్యాపారం పేజీకి వద్దు. యాప్‌లో పాట దొరికినంత మాత్రాన దాన్ని సరుకు అమ్ముకోవడానికి వాడుకునే హక్కు వచ్చినట్టు కాదు. హక్కుల అభ్యంతరం వచ్చి చప్పుడు మూగబోయిందంటే ముఖం లేని రీల్‌లో ఇంకేం మిగలదు. వాణిజ్య వాడకానికి అనుమతి ఉన్న సంగీతం పెట్టుకోండి, అదీ గొంతు మీదికి రాకుండా. వాద్యం చాలు, పాటలో మాటలుంటే మీ మాటలతో కొట్టుకుంటాయి.

సందేహం: రీల్‌లో ధర చెప్పాలా వద్దా? చెబితే బేరాలాడతారని, చెప్పకపోతే "ధర ఎంత" అనే మెసేజ్‌లకు జవాబివ్వడమే పనైపోతుందని ఎటూ తేల్చుకోలేకపోతున్నాను.
– ఒక పాఠకురాలు, కర్నూలు

సమాధానం: ధర దాచకండి, కానీ గొంతుతో చెప్పకండి. నూనెల ధర పెరిగి మీరు ఇరవై రూపాయలు పెంచితే, పెట్టేసిన రీల్‌లో గొంతును మార్చలేరు. అది పాత ధరే చెబుతూ తిరుగుతుంది. రీల్ కింద రాసిన రాతను మాత్రం ఎప్పుడైనా మార్చుకోవచ్చు. అందుకే స్క్రిప్టులో "బరువు, ధర కింద రాశాను" అని పెట్టాను.

బరువు కూడా ధరతో పాటే రాయాలి. కోసిన రోజు తూచిన బరువు రాయకండి, ఆరే కొద్దీ సబ్బు తేలికవుతుంది. ఆరు వారాలయ్యాక, చుట్టబోయే ముందు తూచండి. పొట్లం మీద నికర బరువు, అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ చిల్లర ధర ఉండాలన్నది తూనికలు, కొలతల శాఖ నియమం. రీల్ కింద రాసే బరువు, ధర ఆ పొట్లం మీదివే అయి ఉండాలి. ధర మార్చిన రోజున పాత రీల్స్ కింది రాతలన్నీ తెరిచి దిద్దుకోండి.